‘అవుట్‌పుట్ రావట్లేదు సార్’: సర్క్యూట్స్ పాఠాన్ని ల్యాబ్ కోసం ప్రశ్నల చెట్టుగా మార్చడం ఎలా?

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో రోజూ వినపడే మాట ఒకటుంది: "సార్, అవుట్‌పుట్ రావట్లేదు." ముందు రోజు క్లాసులో అదే యాంప్లిఫయర్‌కి గెయిన్ ఫార్ములా బోర్డు మీద తప్పు లేకుండా రాసిన కుర్రాడే ఈ మాట అంటాడు. వాడికి పాఠం రాదని కాదు. పాఠం ఒక దిశలో నడుస్తుంది, ల్యాబ్‌లో సమస్య దానికి ఎదురు దిశలో వస్తుంది.

క్లాసులో భాగాల విలువలు ముందే ఇస్తారు. వాటి నుంచి బేస్ వోల్టేజ్, దాని నుంచి కరెంట్, కరెంట్ నుంచి గెయిన్ లెక్కకడతాం. అంటే కారణం నుంచి ఫలితానికి వెళ్తాం. ల్యాబ్‌లో చేతికి దొరికేది ఫలితం మాత్రమే: సీఆర్‌ఓ మీద ఒక అడ్డగీత. అక్కడి నుంచి కారణం దాకా వెనక్కి నడవాలి. పైగా కారణం తెలిస్తే ఫలితం ఒక్కటే వస్తుంది కానీ, ఒకే ఫలితం వెనక నాలుగైదు కారణాలు ఉండొచ్చు. పాఠాన్ని తిరగేయడం కష్టమయ్యేది ఇందుకే. డెసిషన్ ట్రీ చేసే పని ఆ తిరగేయడమే.

## మూడు మాటలకు అర్థం

మీటర్‌లోనో సీఆర్‌ఓ మీదో కనిపించేది లక్షణం. ‘పని చేయట్లేదు’ అనేది లక్షణం కాదు, ఫిర్యాదు. ‘కలెక్టర్ దగ్గర 12 వోల్టులు ఉంది’ అనేది లక్షణం. దాన్ని తెచ్చిన లోపం కారణం: ఊడిన తీగ, పక్క వరసలో గుచ్చిన రెసిస్టర్, తిరగేసి పెట్టిన ట్రాన్సిస్టర్ లాంటిది. డెసిషన్ ట్రీ అంటే ఒక కొలత తీసుకుని, వచ్చిన జవాబును బట్టి తర్వాత ఏం కొలవాలో చెప్పే ప్రశ్నల వరస. వేపచెట్టు కొమ్మల్లా ప్రతి ప్రశ్న దగ్గరా దారి చీలుతుంది, కొమ్మ చివర ఒకటో రెండో కారణాలు మిగులుతాయి.

లక్షణం ఒకవైపు, కారణాలన్నీ మరోవైపు రాసిన పట్టిక చాలా ల్యాబ్ మాన్యువళ్లలో ఉంటుంది. అది చెట్టు కాదు. ‘అవుట్‌పుట్ లేదు’ ఎదురుగా పది కారణాలుంటే వాటిలో ముందు ఏది చూడాలో పట్టిక చెప్పదు.

## పాఠంలో ఏముంది?

డిప్లొమాలోనూ బీటెక్‌లోనూ అందరూ చేసే ఒక ప్రయోగం తీసుకుందాం: ఒకే స్టేజ్ ఉన్న కామన్ ఎమిటర్ ఆర్‌సీ కపుల్డ్ యాంప్లిఫయర్. ట్రాన్సిస్టర్ BC107 లేదా BC547. సప్లై 12 వోల్టులు. సప్లై నుంచి బేస్‌కి R1 (47 కిలో ఓంలు), బేస్ నుంచి గ్రౌండ్‌కి R2 (10 కిలో ఓంలు). కలెక్టర్ వైపు RC (3.3 కిలో ఓంలు), ఎమిటర్ కింద RE (1 కిలో ఓం). ఎమిటర్ రెసిస్టర్‌కి సమాంతరంగా CE అనే బైపాస్ కెపాసిటర్. సిగ్నల్ లోపలికి రావడానికి C1, బయటికి పోవడానికి C2, చివర 10 కిలో ఓంల లోడ్.

ఈ సర్క్యూట్ గురించి పాఠం చెప్పే సంగతులన్నీ వడగడితే నాలుగు వాక్యాలు మిగులుతాయి. బేస్ వోల్టేజ్‌ని R1, R2 నిర్ణయిస్తాయి: సుమారు 2 వోల్టులు. ఎమిటర్ అంతకంటే 0.65 దాకా తక్కువలో ఉంటుంది: 1.4 వోల్టులు. ఆ 1.4 వోల్టులే 1 కిలో ఓం మీద పడి కరెంట్‌ని నిర్ణయిస్తాయి: 1.4 మిల్లీ ఆంపియర్లు. దాదాపు అంతే కరెంట్ RC లోనూ పారుతుంది కాబట్టి అక్కడ 4.6 వోల్టులు పడిపోయి కలెక్టర్ దగ్గర 7.4 మిగులుతుంది.

ఈ వాక్యాల్లో ‘నిర్ణయిస్తుంది’ అన్న మాట ఎక్కడుందో చూడండి. చెట్టులో ప్రశ్నలు పుట్టేది అక్కడే. ‘బేస్‌ని R1, R2 నిర్ణయిస్తాయి’ అన్న వాక్యాన్ని తిరగేస్తే, ‘బేస్ దగ్గర 2 వోల్టులు లేకపోతే R1 వైపో R2 వైపో తేడా ఉంది, లేదా బేస్‌ని ఇంకేదో లాగేస్తోంది’ అవుతుంది. ఈ ‘ఇంకేదో’ పాఠంలో ఉండదు, ల్యాబ్‌లో ఉంటుంది. దాని సంగతి ముందుకు వెళ్లాక చూద్దాం.

## కాగితం మీద ఒక్కో భాగాన్నీ పాడు చేయడం

చెట్టు గీసేముందు చేయాల్సిన పని ఇది. దీన్ని ఎగ్గొడితే వచ్చే చెట్టు ఊహల చెట్టే. ఒక్కో భాగం ఊడిపోయిందనో షార్ట్ అయిందనో అనుకుని, పాఠంలోని లెక్కనే మళ్లీ చేయాలి. కొత్త థియరీ ఏమీ అక్కర్లేదు.

ఉదాహరణకు R2 ఊడిపోయింది అనుకుందాం. బేస్ నుంచి కిందికి దారి లేదు, R1 గుండా వచ్చే కరెంట్ మొత్తం బేస్‌లోకే పోతుంది. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుని సాచురేషన్‌లోకి వెళ్తుంది, కలెక్టర్ కూ ఎమిటర్ కూ మధ్య 0.1 వోల్టు మిగులుతుంది. అప్పుడు 12 వోల్టులు దాదాపుగా 3.3 కిలో ఓంలు, 1 కిలో ఓం పంచుకుంటాయి. లెక్క కడితే ఎమిటర్ 2.9, కలెక్టర్ 3.0, బేస్ 3.6 దగ్గర తేలతాయి. ఇలాగే మిగతావి చేస్తే ఈ పట్టిక వస్తుంది (అన్నీ గ్రౌండ్ నుంచి కొలిచిన వోల్టులు, సుమారుగా):

| లోపం | బేస్ | ఎమిటర్ | కలెక్టర్ |
|---|---|---|---|
| ఏ లోపమూ లేదు | 2.0 | 1.4 | 7.4 |
| R1 ఊడింది | 0 | 0 | 12 |
| R2 ఊడింది | 3.6 | 2.9 | 3.0 |
| RC ఊడింది | 0.8 | 0.2 | 0.2 |
| RE ఊడింది | 2.1 | 1.7 | 12 |
| CE షార్ట్ | 0.7 | 0 | 0.1 |
| C1 షార్ట్ | 0 | 0 | 12 |
| CE లేదా C1 ఊడింది | 2.0 | 1.4 | 7.4 |

ఈ పట్టికలో చూడాల్సింది అంకెలను కాదు, ఒకదానికొకటి కలిసిపోయే వరసలను. R1 ఊడినా C1 షార్ట్ అయినా మీటర్‌లో ఒకటే కనిపిస్తుంది. CE ఊడినా C1 ఊడినా డీసీ కొలతలన్నీ బాగానే ఉన్నట్టు చూపిస్తాయి. ఇలా కలిసిపోయిన చోట ఇంకో ప్రశ్న కావాలి. పట్టికను చెట్టుగా మార్చే పని చాలావరకు ఈ విడదీసే ప్రశ్నల్ని వెతకడమే.

## కవలలను విడదీసే ప్రశ్న

R1 ఊడితే బేస్‌కి పైనుంచి వోల్టేజ్ రాదు, సున్నా అవుతుంది. ఇది అర్థమయ్యేదే. C1 షార్ట్ అయితే ఎందుకు సున్నా? ఫంక్షన్ జనరేటర్ లోపల సాధారణంగా 50 ఓంల రెసిస్టెన్స్ ఉంటుంది. C1 డీసీని ఆపకపోతే ఆ 50 ఓంలు బేస్ నుంచి గ్రౌండ్‌కి కలిపినట్టే. 47 కిలో ఓంలతో పోలిస్తే 50 ఓంలు ఎంత? బేస్ దగ్గర 13 మిల్లీవోల్టులు మిగులుతాయి, అంతే. పాఠంలో లేని ఆ ‘ఇంకేదో’ ఇదే: బోర్డు మీద గీసిన బొమ్మలో జనరేటర్ ఒక గుండ్రం మాత్రమే, బల్ల మీద మాత్రం అది కూడా సర్క్యూట్‌లో భాగం.

నిజానికి కెపాసిటర్ షార్ట్ అవడం అరుదు. బ్రెడ్‌బోర్డ్ మీద C1 కాళ్లు రెండూ ఒకే వరసలో పడతాయి, లేదంటే జనరేటర్ తీగను నేరుగా బేస్ వరసలోనే గుచ్చేస్తారు. ఏదైనా ఫలితం ఒకటే. విడదీసే ప్రశ్న కూడా తేలికే: జనరేటర్ తీగ పీకేసి బేస్ మళ్లీ కొలవండి. 2 వోల్టులు వచ్చేస్తే C1 వైపు తప్పు. ఇంకా సున్నాయే ఉంటే R1 వైపు. ఒక్క తీగ, ఐదు సెకన్లు. ఏ భాగాన్నీ పీకి చూడక్కర్లేదు.

## మీటర్ అబద్ధం చెప్పిన చోట

పట్టికలో RE ఊడిన వరస ఇంకోసారి చూడండి. ఎమిటర్ కింద ఏమీ లేకపోతే అక్కడ 1.7 వోల్టులు ఎలా వచ్చాయి?

ఒక ల్యాబ్ బ్యాచ్‌లో నేను చూసిన సంగతి చెప్తాను. ఇద్దరు అమ్మాయిల సర్క్యూట్. సీఆర్‌ఓ మీద అడ్డగీత తప్ప ఏమీ లేదు. కలెక్టర్ 12. బేస్ 2.1, బాగుంది. ఎమిటర్ 1.7. "ఎమిటర్ బాగానే ఉంది సార్, ట్రాన్సిస్టర్ పోయినట్టుంది" అని కొత్త ట్రాన్సిస్టర్ కోసం వచ్చారు. ఇచ్చాను. మార్చారు. మళ్లీ అవే అంకెలు.

అప్పుడు పాఠంలోని మూడో వాక్యాన్ని గుర్తు చేశాను: ఎమిటర్ దగ్గరి వోల్టేజ్ 1 కిలో ఓం మీద పడి కరెంట్‌ని నిర్ణయిస్తుంది. 1.7 వోల్టులు నిజంగా RE మీద ఉంటే 1.7 మిల్లీ ఆంపియర్లు పారాలి. అదే కరెంట్ RC గుండా వస్తే అక్కడ 5.6 వోల్టులు పడాలి, కలెక్టర్ 6.4 దగ్గర ఉండాలి. కానీ కలెక్టర్ 12. అంటే RC లో కరెంట్ లేదు. రెండు కొలతలూ ఒకదాన్ని ఒకటి కాదంటున్నాయి. "అయితే ఆ 1.7 ఎక్కడిది సార్?"

మీటర్‌ది. డిజిటల్ మల్టీమీటర్ డీసీ వోల్టుల రేంజ్‌లో సాధారణంగా 10 మెగా ఓంల రెసిస్టెన్స్‌లా ఉంటుంది. ఎమిటర్ గాల్లో వేలాడుతున్నప్పుడు దాని మీద ప్రోబ్ పెడితే, ఆ 10 మెగా ఓంలే RE స్థానంలోకి వచ్చి కూర్చుంటాయి. మైక్రో ఆంపియర్‌లో ఆరో వంతు కరెంట్ పారుతుంది. అంత చిన్న కరెంట్‌కి బేస్, ఎమిటర్ మధ్య 0.65 కూడా అక్కర్లేదు, 0.4 చాలు. అందుకే 2.1 లోంచి 0.4 పోగా 1.7 చూపించింది.

విడదీసే ప్రశ్న: ప్రోబ్‌ని ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలు మీద కాకుండా, RE పైకాలు లోహం మీదే పెట్టి కొలవండి. వాళ్లు పెట్టారు. సున్నా. రెసిస్టర్ కాలు ఎమిటర్ వరసలో కాకుండా పక్క వరసలో దిగింది. పైనుంచి చూస్తే తెలియదు, తల వంచి పక్కనుంచి చూస్తే తెలిసింది.

వరసలో కొలవడం వేరు, కాలు మీద కొలవడం వేరు. రెండు చోట్ల ఒకే విలువ రాకపోతే ఆ రెంటి మధ్యే తెగింది. నా లెక్కలో చెట్టులో అన్నిటికన్నా పనికొచ్చే కొమ్మ ఇదే.

## ఏ ప్రశ్న ముందు?

దీనిలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది సగం కోయడం: ప్రతి కొలతా మిగిలిన అనుమానాలను రెండు సమాన భాగాలు చేయాలి. మన పట్టికలో కలెక్టర్ వోల్టేజ్ ఒక్కటి కొలిస్తే చాలు, లోపాలు మూడు గుంపులవుతాయి: 12 ఉంటే కరెంట్ పారట్లేదు, 3 కంటే తక్కువో దాని దరిదాపుల్లోనో ఉంటే ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంది లేదా పైనుంచి సప్లై రావట్లేదు, 7.4 దగ్గరుంటే డీసీ బాగుంది, సిగ్నల్ దారిలో తప్పుంది. ఒక్క కొలతకి ఇంత విడగొట్టేది ఇంకోటి లేదు.

రెండో పద్ధతి: ఎక్కువసార్లు జరిగేదీ, చూడటానికి తేలికైనదీ ముందు. దీని ప్రకారం కలెక్టర్ కంటే ముందు సప్లైని చూడాలి. ఆర్‌పీఎస్ మీద కరెంట్ నాబ్ సున్నాకి తిప్పి ఉంటే 12 వోల్టులు పెట్టినా లోడ్ తగలగానే పడిపోతుంది. పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి పవర్ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. R1 ఎడమ సగంలో, RC కుడి సగంలో గుచ్చితే R1కి సప్లై అందుతుంది, RC కి అందదు. మీటర్‌లో అచ్చం ‘RC ఊడింది’ వరసే వస్తుంది, RC మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

సగం కోయడం లెక్క ప్రకారం సరైనదే, కానీ అన్ని లోపాలూ సమానంగా జరుగుతాయని అనుకున్నప్పుడే. ల్యాబ్‌లో అలా జరగదు. కొత్త రెసిస్టర్ లోపల తెగిపోవడం దాదాపు ఉండదు, తీగ తప్పు రంధ్రంలో దిగడం గంటకోసారి ఉంటుంది. అందుకే రెండూ కలిపిన చెట్టే నిలబడుతుంది. మొదటి ప్రశ్న సప్లై గురించి, రెండోది కలెక్టర్ గురించి:

```
RC పైకాలు మీద 12 ఉందా?
├─ లేదు → ఆర్‌పీఎస్ కరెంట్ నాబ్, పవర్ పట్టీ, గ్రౌండ్
└─ ఉంది → కలెక్టర్ ఎంత?
   ├─ 12 → బేస్ ఎంత?
   │   ├─ 0 → జనరేటర్ పీకండి. 2 వచ్చిందా?
   │   │      ├─ వచ్చింది → C1 వైపు
   │   │      └─ రాలేదు → R1 వైపు
   │   └─ 2 → RE పైకాలు మీద కొలవండి
   ├─ 3 లేదా తక్కువ → బేస్ ఎంత?
   │   ├─ 3.6 → R2 వైపు
   │   └─ 0.7, 0.8 → ఎమిటర్ 0 అయితే CE, 0.2 అయితే RC కింది కాలు
   └─ 7.4 → సిగ్నల్ దారి
```

మొదటి ప్రశ్న ‘సప్లై ఉందా?’ కాదు, ‘RC పైకాలు మీద ఉందా?’ అని గమనించండి. ఆర్‌పీఎస్ డిస్‌ప్లేలో 12 కనిపిస్తే ఉందనే రాసేస్తారు. పట్టీ తెగిన సంగతి అప్పుడు చివరిదాకా బయటపడదు.

## డీసీ బాగుంది, సిగ్నల్ బాగాలేదు

ఈ కొమ్మలో మీటర్ పక్కన పెట్టి సీఆర్‌ఓ తీసుకోవాలి. ఇక్కడ పాఠం ఇచ్చే అంకె గెయిన్. CE ఉన్నప్పుడు, 10 కిలో ఓంల లోడ్‌తో, లెక్క ప్రకారం సుమారు 130. CE లేకపోతే ఎమిటర్ రెసిస్టర్ మొత్తం గెయిన్‌ని తినేస్తుంది, 2.4 మిగులుతుంది. కాబట్టి 20 మిల్లీవోల్టుల ఇన్‌పుట్‌కి 2.6 వోల్టుల బదులు 50 మిల్లీవోల్టులు కనిపిస్తే, చూడాల్సింది CE ఒక్కటే. అసలు ఏమీ రాకపోతే బేస్ మీద ప్రోబ్ పెట్టి సిగ్నల్ అక్కడి దాకా వచ్చిందా అని చూడాలి. బేస్ దగ్గర లేకపోతే C1, కలెక్టర్ దగ్గర ఉండి లోడ్ దగ్గర లేకపోతే C2.

గెయిన్ సరిగ్గా పది రెట్లు తేడాగా వస్తే సర్క్యూట్‌ని ముట్టుకోకండి. ప్రోబ్ మీద ×10 మీట ఒకలా, సీఆర్‌ఓలో సెట్టింగ్ ఇంకోలా ఉంటుంది.

తరంగం పైభాగం కోసేసినట్టు చదునుగా వస్తే చాలామంది బయాసింగ్ తప్పనుకుంటారు. ఈ సర్క్యూట్‌లో లోడ్ ఉన్నప్పుడు కలెక్టర్ పైకి సుమారు 3.5 వోల్టులే వెళ్లగలదు, కిందికి 5.8 దాకా చోటుంది. ఇన్‌పుట్ పెంచుకుంటూ పోతే పైభాగమే ముందు తెగుతుంది. అది లోపం కాదు, హద్దు. విడదీసే ప్రశ్న: ఇన్‌పుట్ సగానికి తగ్గిస్తే చదును పోయిందా? పోతే సర్క్యూట్ బాగానే ఉంది.

## చెట్టు ఎవరు గీయాలి?

దీని మీద పాఠం చెప్పేవాళ్లలో రెండు మాటలున్నాయి. గీసిన చెట్టు చేతికిస్తే పిల్లలు ఆలోచించడం మానేసి బాణాల వెంట పోతారని కొందరంటారు. అందులో నిజముంది: 1.7 వోల్టుల తిరకాసు ఎందుకొచ్చిందో తెలియకుండానే ‘RE కాలు చూడు’ అన్న కొమ్మ చివరికి చేరొచ్చు. వైవాలో అడిగితే తెల్లమొహం వేస్తారు.

చెట్టు లేకపోతే కొత్తవాళ్లు ఆలోచించరు, అన్నీ పీకి మొదటినుంచి కడతారు అని ఇంకొందరంటారు. ఇది కూడా నిజమే. మళ్లీ కట్టినప్పుడు పని చేస్తే ఎందుకు చేసిందో తెలియదు, చేయకపోతే గంట పోతుంది.

నాకు పనికొచ్చింది ఈ రెంటి మధ్య దారి. పట్టికలో మొదటి వరస మాత్రం ఇచ్చి, మిగతావి ప్రయోగానికి ముందు రోజు వాళ్లనే లెక్కకట్టి తెమ్మంటాను. ఆరేడు చిన్న లెక్కలు, గంట పని. కలిసిపోయిన వరసలు ఏవో వాళ్లే కనిపెట్టాలి, విడదీసే ప్రశ్న కూడా వాళ్లే రాయాలి. జనరేటర్ పీకే ఉపాయం చాలామందికి తట్టదు, అది మాత్రం నేనే చెప్తాను.

## చెట్టు పలకని చోట్లు

ఈ చెట్టంతా ఒక సమయంలో ఒకే లోపం ఉందన్న నమ్మకం మీద నిలబడింది. R1 ఊడి, CE కూడా ఊడి ఉంటే చెట్టు ముందు R1ని చూపిస్తుంది. దాన్ని సరిచేసి మళ్లీ మొదటి ప్రశ్న నుంచి రావాలి. మధ్య కొమ్మ నుంచి కొనసాగిస్తే తప్పుదారి పడతాం. వదులైన బ్రెడ్‌బోర్డ్ రంధ్రం ఇంకా పెంకిది: ప్రోబ్‌తో నొక్కినప్పుడు కలుస్తుంది, తీయగానే విడిపోతుంది. కొలిచిన ప్రతిసారీ అంతా బాగుందనే అంటుంది.

ఇక పట్టికలో ఏ వరసకీ సరిపోని అంకెలు వస్తే? నాకు తెలిసి అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది ట్రాన్సిస్టర్ కాళ్లని. BC547 చదును వైపు మనకి ఎదురుగా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2N3904కి అదే వైపు నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. స్టాక్‌లో ఒకటి అయిపోయి ఇంకోటి ఇస్తే, బొమ్మ చూసి కట్టిన సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ తలకిందులవుతుంది. తలకిందులైన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగిపోదు, ఏదో కొంచెం పని చేస్తుంది. పైగా దాని ఎమిటర్ జంక్షన్ తట్టుకునే ఎదురు వోల్టేజ్ 6 దాకానే కాబట్టి, 12 వోల్టుల సప్లై కింద అది కూడా తెరుచుకోవచ్చు. అప్పుడు వచ్చే అంకెలకి పాఠంలోని నాలుగు వాక్యాల్లో ఒక్కటీ వర్తించదు.

పోయిన సెమిస్టర్ ఒక బ్యాచ్ గీసిన చెట్టులో ఈ కొమ్మ లేదు. ప్రయోగం అయ్యాక రికార్డులో చూస్తే, మొదటి ప్రశ్నకి కూడా పైన, పెన్సిల్‌తో ఇరికించి రాసుంది: "ట్రాన్సిస్టర్ మీద ఏం నంబరుంది? చదివారా?"